ఉద్యోగంలో దొరకని లీడర్‌షిప్ అనుభవం కమిటీలో ఎలా వచ్చింది: ఒక కేసు

ఆమె మొదటిసారి నన్ను కలిసినప్పుడు రెండు ఈమెయిళ్లు ప్రింట్ తీసి తెచ్చుకున్నారు. రెండూ ఆమె పనిచేసే సంస్థ నుంచి వచ్చినవే. రెండేళ్ల తేడాతో రెండుసార్లు టీమ్ లీడ్ పోస్టుకు అప్లై చేశారు, రెండుసార్లూ రాలేదు. మాటలు కాస్త మారినా కారణం ఒక్కటే. పనిలో పట్టు ఉంది, కానీ ఇతరుల చేత పని చేయించిన అనుభవం కనబడలేదు.

"ఎక్కడి నుంచి కనబడుతుందండీ? మా టీమ్‌లో ఆరుగురం. అందరం నేరుగా మేనేజర్‌కే రిపోర్ట్ చేస్తాం. నా కింద ఎవరూ లేరు, ఉండరు కూడా" అన్నారు.

ఆమె ఒక పరీక్షల ల్యాబ్‌లో సీనియర్ ఎనలిస్ట్. 11 ఏళ్ల సర్వీసు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కెరీర్ విషయాల్లో దారి చూపడం నా పని. కమిటీల్లో చేరమని నేను చాలామందికి చెప్పాను. వాళ్లలో కొందరు రెండేళ్లు తిరిగి, అలిసిపోయి, చేతిలో ఏమీ లేకుండా వచ్చారు. వాళ్లకు ఎందుకు పనికిరాలేదో ఈమె కేసులో నాకు బాగా అర్థమైంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు తీసేశాను.

ముందు ఆఫీసులోనే వెతికాం

బయట కమిటీ అనగానే పరుగెత్తకూడదు. ఉద్యోగంలో నిజంగానే దారి లేదా, లేక మనం అడగలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆఫీసులో దొరికే అవకాశానికి బయటి అనుభవం కంటే విలువ ఎక్కువ. రేపు మనల్ని ఎంపిక చేయాల్సినవాళ్లే దాన్ని కళ్లారా చూస్తారు.

మేనేజర్‌ను మూడు విషయాలు అడగమని చెప్పాను. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఇస్తారా? మేనేజర్ సెలవులో ఉన్నప్పుడు పనుల కేటాయింపు చూసుకోనిస్తారా? వేరే విభాగాలతో కలిసి చేసే పని ఏదైనా ఉంటే దాన్ని నడిపించమంటారా? మూడింటికీ ఆయన కాదనే చెప్పారు, కారణాలు కూడా ఇచ్చారు. రెండేళ్లుగా కొత్తవాళ్లు ఎవరూ చేరలేదు. ఆయన సెలవు పెడితే పక్క విభాగం మేనేజర్ చూస్తారు, అది సంస్థ నియమం. కలిసి చేసే ప్రాజెక్టులు ఆ ఏడాది ఏవీ లేవు. ఆయన అడ్డుపడుతున్నారని అనడానికి లేదు. ఉన్న పరిస్థితి అది. అప్పుడే బయట చూద్దామని నిర్ణయించుకున్నాం.

మూడు కమిటీలు, ఒక ఎంపిక

ఆమె ముందు మూడు దారులు కనబడ్డాయి. ఆఫీసులోనే వేడుకలు చూసుకునే కమిటీ ఒకటి. పిల్లలు చదివే స్కూల్లో తల్లిదండ్రుల కమిటీ ఇంకొకటి. ఆమె సభ్యురాలిగా ఉన్న వృత్తి సంఘం స్థానిక శాఖ మూడోది.

ఏ కమిటీ గొప్పదని నేను అడగలేదు. అక్కడ మీ చేతికి ఏ పని వస్తుందని అడిగాను. లీడర్‌షిప్ అనుభవం అని చెప్పుకోవాలంటే ఆ పనికి కొన్ని లక్షణాలు ఉండాలి. ఫలానా తేదీకి పూర్తి కావాల్సిన ఫలితం ఉండాలి. మన ఒక్కరి వల్ల అయ్యేది కాకూడదు, ఇంకొకరు చేస్తేనే పూర్తయ్యేలా ఉండాలి. డబ్బు విషయంలోనో మనుషుల విషయంలోనో కొన్ని నిర్ణయాలు మన చేతిలో ఉండాలి. తర్వాత "అవును, ఈ పని ఆమే నడిపించారు" అని చెప్పగలిగే మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

ఆఫీసు వేడుకల కమిటీలో మనుషులను కూడగట్టే పని ఉంది కానీ, నిర్ణయాలన్నీ హెచ్‌ఆర్ విభాగం తీసుకుంటుంది. తల్లిదండ్రుల కమిటీలో చర్చలు ఎక్కువ, తేదీతో ముగిసే పని తక్కువ. వృత్తి సంఘం మాత్రం ఏటా ఒక రోజు సాంకేతిక వర్క్‌షాప్ పెడుతుంది. 140 మంది దాకా వస్తారు. తేదీ ఖాయం, పని చేసేది వాలంటీర్లు, ఖర్చుకు లెక్క ఉంటుంది. పైగా ఆ శాఖ అధ్యక్షురాలు ఇంకో సంస్థలో ల్యాబ్ హెడ్. ఆమె చెప్పే మాటకు ఈ రంగంలో బరువుంటుంది. దాంతో అదే ఎంచుకున్నాం.

చేరేముందు ఒక పని తప్పనిసరిగా చేయమన్నాను. బయట పదవి తీసుకోవడానికి ఆమె సంస్థ నియమాలు ఒప్పుకుంటాయో లేదో చూసి, మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పమన్నాను. ఇది ఫార్మాలిటీ అనుకుంటారు చాలామంది. కానీ ఆ వర్క్‌షాప్‌కు స్పాన్సర్లుగా వచ్చేవాళ్లలో ఆమె ల్యాబ్‌కు పరికరాలు అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. ఒక చేత్తో వాళ్ల పరికరాన్ని మదింపు చేస్తూ, ఇంకో చేత్తో వాళ్లను డబ్బు అడిగితే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. అందుకని స్పాన్సర్ల వ్యవహారంలో తాను ఉండనని మొదటి మీటింగ్‌లోనే చెప్పి, ఆ మాట మినిట్స్‌లో రాయించారు.

మినిట్స్ రాస్తూ మూడు నెలలు

కమిటీలో మొత్తం తొమ్మిది మంది. నెలకోసారి మీటింగ్. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కడైనా దొరికేదే ఆమెకూ దొరికింది. "మీ రాత బాగుంటుంది కదా, మినిట్స్ మీరు చూడండి" అన్నారు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మినిట్స్ రాస్తారు, కుర్చీలు లెక్కపెడతారు, పోస్టర్ డిజైన్ చేయిస్తారు, ఫొటోలు తీస్తారు. కష్టపడతారు, అందరూ మెచ్చుకుంటారు కూడా. కానీ అదంతా ఒంటిచేత్తో చేసే పనే. ఉద్యోగంలో ఏం చేస్తున్నారో ఇక్కడా అదే, జీతం లేకుండా. రెండేళ్లు తిరిగి ఖాళీ చేతులతో వచ్చారని పైన చెప్పిన వాళ్ల కథ దాదాపు ఇదే.

అలాగని మినిట్స్ వద్దనమని నేను చెప్పలేదు. మూడు మీటింగులకు ఒప్పుకోమన్నాను. ఎందుకంటే ఆ కమిటీలో నిర్ణయం ఎలా జరుగుతుందో మినిట్స్ రాసే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరు మాట ఇస్తారు, ఎవరు నిలబెట్టుకుంటారు, ఏ విషయం ప్రతి నెలా చర్చకు వచ్చి ఏమీ తేలకుండా వెళ్లిపోతుంది, ఇవన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. ప్రతి పని పక్కన ఎవరు చేయాలి, ఎప్పటికి అనే రెండు గడులు పెట్టమన్నాను. నింపడానికి పేరు లేకపోతే ఖాళీగానే వదిలేయమన్నాను.

మూడో మీటింగ్ అయ్యాక ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఒక వరుస మూడింట్లోనూ ఉంది: "వర్క్‌షాప్‌కు వాలంటీర్లు, రిజిస్ట్రేషన్, ఆ రోజు ఏర్పాట్లు." మూడుసార్లూ పేరు గడి ఖాళీ. అందరికీ కావాల్సిన పని, ఎవరూ తీసుకోని పని. కమిటీల్లో ఇలాంటి పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కొత్త మనిషికి తలుపు తెరుచుకునేది అక్కడే, ఎందుకంటే దాన్ని అడిగితే ఇంకొకరి దగ్గర లాక్కున్నట్టు ఉండదు.

అడిగిన తీరు

"నేను చూసుకుంటానండీ" అని నోటిమాటగా చెప్పొద్దన్నాను. అలా చెబితే పని మనది అవుతుంది, నిర్ణయాలు మాత్రం అందరివీ అవుతాయి. ఒక పేజీ నోట్ రాసి అధ్యక్షురాలికి పంపమన్నాను. ఆమె రాసినది ఇదీ:

"వర్క్‌షాప్ రోజు ఉదయం 9:30కి మొదటి సెషన్ మొదలయ్యేసరికి రిజిస్టర్ చేసుకున్న ప్రతి ఒక్కరూ బ్యాడ్జ్‌తో లోపల ఉండాలి. అది నా బాధ్యత. దీనికి 12 మంది వాలంటీర్లు, 10 వారాల సమయం కావాలి. వాలంటీర్లను ఎంచుకోవడం, పనులు పంచడం, కేటాయించిన మొత్తంలో ఖర్చు చేయడం నేను నిర్ణయిస్తాను. ఆ మొత్తం దాటితే, తేదీ గానీ వేదిక గానీ మార్చాల్సి వస్తే కమిటీ ముందుకు తెస్తాను. రెండు వారాలకోసారి పది వాక్యాల్లో రిపోర్ట్ ఇస్తాను."

ఈ నోట్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది నేను నిర్ణయిస్తాను, కమిటీ ముందుకు తెస్తాను అనే రెండు వాక్యాలు. ఆ గీత ముందే గీసుకోకపోతే బ్యాడ్జ్ రంగు గురించి కూడా తొమ్మిది మంది అభిప్రాయాలు చెబుతారు. కోశాధికారి ఒక్క మార్పు కోరారు. ప్రతి ఖర్చుకూ బిల్లు వారంలోపు తనకు చేరాలన్నారు. న్యాయమైన కోరిక, ఆమె ఒప్పుకున్నారు. మిగతాది యథాతథంగా ఆమోదించారు.

అధ్యక్షురాలు ఇక్కడ కాదని ఉంటే నేను ఆమెను ఆ కమిటీ నుంచి బయటకు రమ్మనేవాణ్ణి. మూడు నాలుగు మీటింగుల తర్వాత కూడా చిన్న నిర్ణయమైనా మన చేతికి రాకపోతే ఆ కమిటీ ఒకరిద్దరి చుట్టూ నడుస్తోందని అర్థం. అక్కడ ఇంకో ఏడాది కూర్చున్నా రాదు.

నాలుగో వారంలో చూసిన లెక్క

వాలంటీర్లు 12 మంది దొరికారు. అందరితో ఒక మెసేజ్ గ్రూప్ పెట్టారు. నాలుగో వారం ఆమె నాకు ఫోన్ చేసినప్పుడు గొంతులో అలసట తెలుస్తూనే ఉంది. వారానికి మూడు నాలుగు గంటలు అనుకున్న పని తొమ్మిది గంటలు దాటిందట.

"అందరూ మంచివాళ్లేనండీ. కానీ ఎవరూ చేయడం లేదు" అన్నారు.

పనుల పట్టిక పంపమన్నాను. అప్పటిదాకా పూర్తయిన పనులు 31. ఒక్కోదాని పక్కన అసలు ఎవరు చేశారో రాయమన్నాను. 24 పనుల పక్కన ఆమె పేరే వచ్చింది. ఆ పట్టిక చూసి ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉద్యోగంలో ఆమెకు పేరు తెచ్చిన గుణమే ఇక్కడ అడ్డం వచ్చింది. పని ఆగిపోతుంటే చూడలేక తానే చేసేస్తున్నారు.

తర్వాత గ్రూప్‌లో ఆమె పెట్టిన మెసేజులు చూశాను. "పాల్గొనేవాళ్ల జాబితా సరిచూడాలి, ఎవరైనా తీసుకోగలరా?" దానికింద నాలుగు బొటనవేళ్ల గుర్తులు. అంటే చూశామని చెప్పారు, చేస్తామని ఎవరూ అనలేదు. పన్నెండు మందిని ఒకేసారి అడిగితే ప్రతి ఒక్కరూ మిగతా పదకొండు మంది ఉన్నారులే అనుకుంటారు. ఆమె రెండు రోజులు ఆగేవారు, మూడో రోజు రాత్రి కూర్చుని తానే చేసేవారు. ఇలా నాలుగుసార్లు జరిగేసరికి ఎవరూ చేయకపోయినా మేడమ్ చేసేస్తారని గ్రూప్‌కు అర్థమైపోయింది.

జాన్ ఫ్రెంచ్, బెర్ట్రమ్ రేవెన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో ఒక మనిషి మాట ఇంకొకరి మీద ఎందుకు పనిచేస్తుందో చెబుతూ ఐదు ఆధారాలు చూపించారు. ఇవ్వగలిగే ప్రతిఫలం, వేయగలిగే శిక్ష, పదవి వల్ల వచ్చే హక్కు, పనిలో ఉన్న నైపుణ్యం, ఆ మనిషి మీద ఉండే గౌరవాభిమానం. వాలంటీర్ల దగ్గర మొదటి రెండూ ఉండవు. జీతం పెంచలేం, ఎవర్నీ మందలించలేం. మూడోది పేరుకే ఉంటుంది. చివరి రెండింటితోనే నడపాలి, అవి మనిషితో మనిషి మాట్లాడితే తప్ప రావు. గ్రూప్ మెసేజ్‌తో అస్సలు రావు.

అందుకని ఆ వారం గ్రూప్‌లో ఏమీ అడగొద్దని చెప్పాను. పన్నెండు మందికీ విడివిడిగా ఫోన్ చేయమన్నాను. ఒక్కొక్కరితో పావుగంట. అడగాల్సినవి మూడే: దీనిలోకి ఎందుకు వచ్చారు, వారంలో నిజంగా ఎంత సమయం పెట్టగలరు, ఏ పని అసలు ఇష్టం ఉండదు.

ఫోన్లు పూర్తయ్యాక ఆమె చెప్పిన సంగతులు వింటే నాకే ఆశ్చర్యం వేసింది. ఒక విద్యార్థి స్పీకర్లతో పరిచయం కోసం వచ్చాడు, కానీ అతనికి సామాన్లు మోసే పని ఇచ్చారు. రిటైర్ అయిన ఒక పెద్దావిడకు లెక్కలు సరిచూడటం మహా ఇష్టం, కానీ మెసేజ్ గ్రూప్ చూసే అలవాటే లేదు. ఇద్దరికి ఆ నెలంతా ఆఫీసులో ఆడిట్, వర్క్‌షాప్ రోజు తప్ప రాలేరు. ఒకాయన తాను వాలంటీర్ అన్న సంగతే మర్చిపోయారు, క్షమించమని తప్పుకున్నారు.

మిగిలిన 11 మందితో పని మళ్లీ పంచారు. ఈసారి ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక్కొక్కరికీ మొత్తం భాగం ఇచ్చారు. "జాబితా సరిచూడండి" అనడం మానేసి, "రిజిస్ట్రేషన్ డెస్క్ మీది. జాబితా నుంచి ఆ రోజు క్యూ దాకా అంతా మీరే. పని పూర్తయిందని మనకు ఎలా తెలుస్తుందో ఇప్పుడే అనుకుందాం" అన్నారు. ఆ డెస్క్ పెద్దావిడకు ఇచ్చారు, సహాయంగా ఇద్దరిని ఇచ్చారు. విద్యార్థిని స్పీకర్లను చూసుకునే సభ్యుడి పక్కన వేశారు. ప్రతి బుధవారం 20 నిమిషాల కాల్. వాలంటీర్లకు చెప్పే గడువు, అసలు గడువు మధ్య ఐదు రోజులు వదిలారు. ఎవరైనా చేయలేకపోతే ఇంకొకరిని అడగడానికి ఆ ఐదు రోజులు. తానే కూర్చుని చేయడానికి కాదని ఆ మాట పట్టికలోనే రాసుకున్నారు.

ఏడో వారంలో మళ్లీ లెక్క చూశాం. ఆ మూడు వారాల్లో పూర్తయిన 28 పనుల్లో ఆమె పేరున్నవి ఐదు.

"అయిపోతుందిలెండి"

అసలు పరీక్ష ఇంకోచోట వచ్చింది. నలుగురు స్పీకర్లతో మాట్లాడే పని కమిటీలో సీనియర్ సభ్యుడొకరు తీసుకున్నారు. వయసులో, అనుభవంలో ఆమె కంటే చాలా పెద్ద. వర్క్‌షాప్ ఇంకా మూడు వారాలుందనగా ఇద్దరు స్పీకర్ల నుంచే ఖాయమైన జవాబు ఉంది. కార్యక్రమ పత్రం ప్రింటుకు వెళ్లాలి. అడిగిన ప్రతిసారీ ఆయన "అయిపోతుందిలెండి, నాకు తెలిసినవాళ్లే" అంటున్నారు.

ఆమె తొమ్మిది రోజులు ఏమీ అనలేకపోయారు. పెద్దాయనను ఎలా అడగాలన్న మొహమాటం, అడిగితే బాధపడతారేమోనన్న టెన్షన్. ఆ తొమ్మిది రోజులు పోవడం తన తప్పేనని తర్వాత ఆమే ఒప్పుకున్నారు.

మేమిద్దరం ఆ సంభాషణను ముందుగా రెండుసార్లు అనుకుని చూసుకున్నాం. గ్రూప్‌లో అడగకూడదు, మీటింగ్‌లో అందరి ముందు అసలే అడగకూడదు. ఆయన బాధ్యత లేని మనిషన్నట్టు ఒక్క మాట రాకూడదు. ఏం జరిగింది, ఎప్పటికి కావాలి, రాకపోతే ఏమవుతుంది అన్నవి మాత్రం దాచకూడదు. ఆమె ఆయన ఆఫీసుకే వెళ్లి కలిశారు. జరిగిన మాటలు ఆ సాయంత్రమే రాసుకున్నారు:

"సార్, కార్యక్రమ పత్రం శుక్రవారం ప్రింటుకు వెళ్లాలి. ఇద్దరి పేర్లు ఇంకా ఖాయం కాలేదు. ఈ విషయం నేను మిమ్మల్ని పోయిన వారమే అడగాల్సింది, అడగలేదు."

"వాళ్లు వస్తారమ్మా. ఫోన్ చేయాలి, అంతే. ఈ మధ్య ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉండి కుదరడం లేదు."

"అయ్యో, నాకు తెలియదు సార్. అయితే ఒక పని చేద్దామా? ఇద్దరిలో మీకు బాగా దగ్గరివాళ్లు ఎవరో వాళ్లను మీరు చూడండి. రెండోవారికి మీ పేరు చెప్పి నేను ఫోన్ చేయిస్తాను. గురువారం సాయంత్రానికి ఎవరి నుంచైనా జవాబు రాకపోతే, వాళ్ల బదులు ఎవరిని పిలవాలో మీరే చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించి రెండో స్పీకర్ నంబర్ ఇచ్చారు. బదులు పిలవాల్సిన ఇద్దరి పేర్లు కూడా ఆయనే రాసిచ్చారు. ఆ విద్యార్థి ఫోన్ చేస్తే రెండో స్పీకర్ అదే రోజు ఒప్పుకున్నారు. ఆయన తీసుకున్న మొదటి స్పీకర్ రాలేనన్నారు, బదులు జాబితాలోంచి ఒకరిని పిలిచారు. శుక్రవారం పత్రం ప్రింటుకు వెళ్లింది.

ఇక్కడ ఆమె వాడినవి పెద్ద ఉపాయాలేమీ కావు. ఆలస్యంలో తన వాటా ముందు చెప్పారు, దాంతో ఆయన తన ఇబ్బంది చెప్పుకోగలిగారు. పని మొత్తం లాక్కోలేదు, సగం పంచుకున్నారు. గురువారం అనే గడువు పెట్టి, ఆ తర్వాతి నిర్ణయం ఆయనకే వదిలారు. ఆయన మర్యాద నిలిచింది, పనీ ఆగలేదు. తన మీద ఏ అధికారమూ లేని సీనియర్‌తో ఇలా మాట్లాడిన సందర్భం ఆమెకు ఉద్యోగంలో 11 ఏళ్లలో ఒక్కసారీ రాలేదు.

వర్క్‌షాప్ రోజు

ఉదయం 8:50కి క్యూ ఆగిపోయింది. చివరి రెండు రోజుల్లో డబ్బు కట్టిన 22 మంది పేర్లు ప్రింట్ చేసిన జాబితాలో లేవు. ఆమె అప్పుడు హాల్లో మైకులు చూస్తున్నారు. విషయం తెలిసి పరుగున వచ్చేసరికి పెద్దావిడ రెండో లైన్ పెట్టించి, పేరు లేనివాళ్లకు చేత్తో రాసిన బ్యాడ్జ్ ఇచ్చి లోపలికి పంపుతున్నారు. అనుమానం వస్తే ముందు లోపలికి పంపుదాం, తర్వాత సరిచూద్దాం అని ముందు బుధవారం కాల్‌లో అనుకున్నారు. ఆవిడ ఎవరినీ అడగకుండా దాన్నే అమలు చేశారు. క్యూ పావుగంటలో తగ్గిపోయింది. మొదటి సెషన్ పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

తాను డెస్క్ దగ్గర లేకపోయినా పని జరిగింది. ఆమె నాకు ఫోన్ చేసి మొదట చెప్పింది ఈ సంగతే.

వారం తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఏం జరిగిందో మాట్లాడుకున్నారు. జాబితా ముందురోజు సాయంత్రం మళ్లీ ప్రింట్ తీయాలన్న పని పట్టికలోనే లేదని తేలింది. అది ఆమె పొరపాటు, రిపోర్ట్‌లో అలాగే రాశారు. వచ్చే ఏడాది ఈ పని చేసేవాళ్ల కోసం నాలుగు పేజీల నోట్ తయారుచేసి, డెస్క్ సహాయకుల్లో ఒకరికి అప్పగించారు. కమిటీ వాళ్లు మళ్లీ మీరే చేయండన్నారు. వద్దని చెప్పమన్నాను. అదే పని రెండోసారి చేస్తే అలవాటవుతుంది, కొత్త అనుభవం రాదు. ఇంకొకరిని తయారుచేసి అప్పగించడమే ఆమెకు అప్పటికి మిగిలిన పాఠం.

"జరిగింది" అనే మాటతో వచ్చిన చిక్కు

కొన్ని నెలలకు ఆమె సంస్థలో ఇంకో విభాగంలో లీడ్ పోస్టు పడింది. రెజ్యూమేలో మొదట ఆమె రాసిన వాక్యం: "వృత్తి సంఘం స్థానిక శాఖ కమిటీ సభ్యురాలు." దీని నుంచి ఎవరికీ ఏమీ తెలియదు. దాన్ని ఇలా మార్చాం: "140 మంది హాజరైన ఒక రోజు వర్క్‌షాప్‌కు 11 మంది వాలంటీర్ల బృందాన్ని 10 వారాలు నడిపించాను, పనుల కేటాయింపు, ఖర్చు, గడువుల బాధ్యత నాది."

మాక్ ఇంటర్వ్యూ చేసినప్పుడు అంతకంటే పెద్ద ఇబ్బంది బయటపడింది. ఆమె చెబుతున్నది వింటే ఎవరు చేశారో తెలియడం లేదు. "రిజిస్ట్రేషన్ సజావుగా జరిగింది. స్పీకర్ల సమస్య వచ్చింది, పరిష్కారమైంది. వాలంటీర్లతో మాట్లాడటం జరిగింది." మన భాషలో కర్త లేకుండా వాక్యం హాయిగా సాగిపోతుంది. "చేశాం" అంటే వినయంగానూ ఉంటుంది. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాల్సింది ఆ కర్తే. ప్రతి వాక్యం దగ్గర ఆపి "ఎవరు?" అని అడిగాను. నాలుగైదుసార్లు ఇబ్బంది పడ్డారు, తర్వాత "నేను గ్రూప్‌లో అడగడం ఆపేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను" అనగలిగారు. ఇంకొకరు చేసినదాన్ని "నేను" అనొద్దని కూడా చెప్పాను. క్యూ సరిచేసింది పెద్దావిడ. ఆ మాట అలాగే చెప్పి, ఆవిడకు ఆ నిర్ణయం వదిలింది తానని చెబితే చాలు.

అయినా అసలు ఇంటర్వ్యూలో కంగారుపడి మళ్లీ "చేశాం" లోకి వెళ్లిపోయారు. ఆ పోస్టు రాలేదు. రెండో అవకాశం ఐదు నెలల తర్వాత వచ్చింది. ఆ ప్యానెల్‌లో ఒకరు సూటిగా అడిగారట: "వాలంటీర్లు ఇష్టపడి వచ్చినవాళ్లు కదా. జీతం తీసుకుని పని చేయనివాళ్లతో ఇది ఎలా పనికొస్తుంది?"

ఆ ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాం. ఆమె చెప్పిన జవాబు: "ఇష్టం తగ్గితే వాలంటీర్ వెళ్లిపోతారు, వాళ్లను ఆపడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అందుకని పని ఆగుతోందని ముందే కనిపెట్టడం, విడిగా మాట్లాడటం నేర్చుకున్నాను. పనితీరు సరిగా లేని ఉద్యోగికి అప్రైజల్ రాయడం, చర్య తీసుకోవడం నేను ఎప్పుడూ చేయలేదు. అది ఇక్కడ నేర్చుకోవాలి." తర్వాత సీనియర్ సభ్యుడితో జరిగిన విషయం చెప్పారు, తొమ్మిది రోజుల ఆలస్యంతో సహా. శాఖ అధ్యక్షురాలిని రిఫరెన్స్‌గా ఇచ్చారు. ప్యానెల్ ఆవిడకు ఫోన్ చేసి, బృందాన్ని ఎవరు ఎంచుకున్నారని అడిగిందట.

ఆమెను ఆరు నెలల పాటు తాత్కాలిక లీడ్‌గా వేశారు. కమిటీలో చేరిన రోజు నుంచి లెక్కేస్తే అప్పటికి 19 నెలలు.

కమిటీలో దొరకనివి

ఇప్పుడు ఆమె కింద ఐదుగురు ఉన్నారు. కమిటీలో నేర్చుకున్నవాటిలో రెండు నేరుగా పనికొచ్చాయని చెబుతున్నారు. చేరిన మొదటి వారంలోనే ఐదుగురితో విడివిడిగా కూర్చుని ఆ మూడు ప్రశ్నలు అడిగారు. పనుల పట్టికలో తన పేరు ఎన్నిసార్లు వస్తోందో నెలకోసారి లెక్కపెడుతున్నారు.

కొన్ని చోట్ల మాత్రం కాలు తడబడుతోంది. కమిటీలో పని పదివారాల్లో ముగిసింది, అక్కడ చిన్న విసుగులు తేదీతో పాటే పోయేవి. ఇక్కడ అదే మనుషులతో రోజూ పనిచేయాలి. అక్కడ అందరూ సమానులు. ఇక్కడ ఐదుగురిలో ఒకరు ఇదే పోస్టుకు అప్లై చేసి రానివారు, ఆయన మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆమెకు ఇంకా తెలియడం లేదు. అప్రైజల్ రేటింగులు వచ్చే నెలలో ఇవ్వాలి. ఒకరికి సగటు కంటే తక్కువ ఇవ్వాల్సి ఉంది. వాలంటీర్లకు ఆమె ధన్యవాదాలు చెప్పారే గానీ మార్కులు ఎప్పుడూ వేయలేదు.

ఆ సంభాషణను వచ్చే మంగళవారం ఇద్దరం కలిసి అనుకుని చూడబోతున్నాం. ఆ ఉద్యోగి ఆరు నెలల పని వివరాలు తేదీలతో సహా తెమ్మన్నాను.